గాలిలో ఉన్న కాలికి లోడ్ ఎక్కడిది?

"వంద మీటర్లు ఫుల్ స్పీడ్‌లో పరిగెడితే, పాదం నేలకు తాకకముందే తొడ వెనక పట్టేస్తోంది. గాలిలో ఉన్న కాలిపై బరువే లేదు కదా?"

బరువు లేదు గానీ వేగం ఉంది బ్రో. అప్పుడు తొడ ముందుకు లేచి ఉంటుంది, మోకాలి కింది భాగం కొరడాలా ముందుకు విసురుగా వస్తుంది. తొడ వెనక కండరాలైన హామ్‌స్ట్రింగ్స్ దాదాపు అన్నీ తుంటినీ మోకాలినీ రెండింటినీ దాటి వెళ్తాయి కాబట్టి రెండు చివర్లా సాగుతాయి, బయటివైపుదైతే నిలబడినప్పటికన్నా సుమారు 10 శాతం ఎక్కువ. అలా సాగుతూనే ఆ విసురుకు బ్రేకు వేయాలి, అసలు టెన్షన్ అదే. స్పీడ్ 80 శాతం నుంచి ఫుల్‌కి పెంచితే సాగుడు పెద్దగా మారదు, బ్రేకు లోడ్ మాత్రం బాగా పెరుగుతుంది. జాగింగ్‌లో నీకేమీ తెలియకపోవడం అందుకే. మోకాళ్లపై నిలబడి మెల్లగా ముందుకు వాలే నార్డిక్ కర్ల్‌లో తుంటి నిటారుగానే ఉంటుంది, అదొక్కటే చేస్తుంటే తుంటి దగ్గర వంగి ఈ కండరాలను సాగదీసే రొమేనియన్ డెడ్‌లిఫ్ట్ కూడా కలుపు.