ఎంపీసీ తర్వాత బీటెక్ ఆ, బీఎస్సీ ఆ?

"ఇంటర్ ఎంపీసీ అయింది. ఎంసెట్‌లో ర్యాంకు బాగా రాలేదు. ఏదో ఒక కాలేజీలో బీటెక్ చేరాలా, బీఎస్సీ స్టాటిస్టిక్స్ తీసుకోవాలా?"

ఒక్క మాటలో తేల్చడం కష్టం. ముందుగా కౌన్సెలింగ్ వెబ్‌సైట్‌లో గత ఏడాది కాలేజీవారీ చివరి ర్యాంకుల జాబితా తీసి, మీ కేటగిరీలో ఏ కాలేజీ, ఏ బ్రాంచి అందుతుందో చూడండి. అక్కడ చదువుతున్న సీనియర్లను అడగండి: ల్యాబులు నడుస్తున్నాయా, గత బ్యాచ్‌లో ఎందరికి, ఎంత జీతానికి ఉద్యోగాలొచ్చాయి? గోడ మీది ఫ్లెక్సీని నమ్మకండి.

జవాబులు బాగుంటే బీటెక్ మంచిదే. ప్రాంగణ నియామకాల్లో చాలా కంపెనీలు ఇంకా ఆ డిగ్రీనే అడుగుతాయి.

బాగాలేకపోతే, అప్పు చేసి మరీ మేనేజ్‌మెంట్ సీటు కొనడం నాకు నచ్చదు. బీఎస్సీ మూడేళ్లు, ఐసెట్ రాసి ఎంసీఏ రెండేళ్లు: బీటెక్ కంటే ఒక ఏడాదే ఎక్కువ. లెక్కలు ఇష్టమైతే జామ్ రాసి ఐఐటీలో ఎమ్మెస్సీకి ప్రయత్నించవచ్చు. గ్రూప్స్, బ్యాంకు పరీక్షలకు ఏ డిగ్రీ అయినా చాలు. అయితే ఒట్టి బీఎస్సీతో ఆగిపోతే మొదటి ఉద్యోగానికి టెన్షన్ తప్పదు. పీజీ చదివే ఓపిక, ఇంట్లో వీలు ఉన్నాయా అన్నది మీరే చూసుకోవాలి.

ఎంసెట్ కౌన్సెలింగ్ చివరిదాకా ఆగితే మంచి డిగ్రీ కాలేజీల్లో సీట్లు అయిపోవచ్చు. తెలంగాణలో ఉంటే డిగ్రీ ప్రవేశాల వెబ్‌సైట్ దోస్త్‌లో ఇప్పుడే రిజిస్టర్ చేసుకోండి.