కడుతున్న బిల్డింగ్ ఖర్చులోకి ఎంత వడ్డీ వెళ్తుంది?

ప్రశ్న: మా వ్యాపారానికి గోడౌన్ కట్టించాం. దీనికోసమే జనవరి 1న 60 లక్షల లోన్ 10 శాతం వడ్డీకి తీసుకుని ఆ రోజే పని మొదలుపెట్టాం. జనవరి 1న 24 లక్షలు, ఏప్రిల్ 1న 36 లక్షలు, జులై 1న 30 లక్షలు కట్టాం. అక్టోబర్ 1న 22 లక్షల బిల్లు వస్తే 2 లక్షలు రిటెన్షన్ కింద ఆపి మిగతాది ఇచ్చాం. మొదటి మూడు నెలలు ఖాళీగా ఉన్న 36 లక్షలు 4 శాతం డిపాజిట్‌లో పెట్టాం. ఆగస్టు, సెప్టెంబర్ కాంట్రాక్టర్‌తో గొడవై పని ఆగింది. అక్టోబర్ 31కి కట్టడం అయిపోయింది, సరుకు దించింది మాత్రం డిసెంబర్ 15న. లోన్ దాటిన ఖర్చు కరెంట్ అకౌంట్ నుంచి పెట్టాం. వ్యాపారానికి ఇంకా రెండు పాత లోన్లు ఉన్నాయి: 40 లక్షలు 9 శాతానికి, 80 లక్షలు 12 శాతానికి. ఏడాది వడ్డీ మొత్తం 19.2 లక్షలు. ఇదంతా గోడౌన్ ఖర్చులో కలిపేయొచ్చా?

జవాబు: వద్దండి. అప్పుల వడ్డీ గురించి చెప్పే అంతర్జాతీయ అకౌంటింగ్ ప్రమాణం ఐఏఎస్ 23 ప్రకారం లెక్కేస్తే గోడౌన్ ఖర్చులోకి వెళ్లేది 4,37,333 మాత్రమే. ఈ ఏడాది లాభనష్టాల్లో చూపాల్సిన వడ్డీ 14,46,667. తేడా చాలా పెద్దది కాబట్టి ఎలా వచ్చిందో నిదానంగా చెప్తాను.

ముందు నెలల సంగతి తేలాలి. వడ్డీ కలపడం మొదలవ్వాలంటే మూడూ ఒకేసారి ఉండాలి: డబ్బు ఖర్చవుతుండాలి, వడ్డీ పడుతుండాలి, పని నడుస్తుండాలి. మీకు మూడూ జనవరి 1నే కలిశాయి. లోన్ తీసుకుని స్థలం ఊరికే పెట్టుకుని కూర్చుని ఉంటే ఆ నెలల వడ్డీ బిల్డింగ్‌కి చేరేది కాదు. ఆపాల్సింది అక్టోబర్ 31న, డిసెంబర్ 15న కాదు. బిల్డింగ్ వాడుకోవడానికి సిద్ధమైతే చాలు, మీరు ఎప్పుడు వాడారన్నది లెక్కలోకి రాదు. చిన్నాచితకా అలంకరణ పనులు, మామూలు ఆఫీసు పేపర్లు మిగిలి ఉన్నా సరే, బిల్డింగ్ సిద్ధమైనట్టే. చాలామంది గృహప్రవేశం రోజు దాకా లాగేస్తారు, అక్కడే ఒకటిన్నర నెల వడ్డీ తప్పు చోటికి పోతుంది.

ఇక మధ్యలో ఆగిన రెండు నెలలు. పని చాలాకాలం ఆగిపోతే ఆ కాలం వడ్డీ కలపకూడదు, అయితే ఆగడానికి కారణం చూడాలి. కాంక్రీటు గట్టిపడే దాకా ఆగాం, ఆ ప్రాంతంలో ఏటా వచ్చే వరద తగ్గే దాకా ఆగాం అంటే అది కట్టడంలో భాగమే, వడ్డీ ఆపక్కర్లేదు. సైట్‌లో కూలీలు లేకపోయినా ఇంజనీర్ డ్రాయింగులు మారుస్తూ, అనుమతుల కోసం గట్టిగా తిరుగుతూ ఉంటే అదీ పనే. కానీ కాంట్రాక్టర్‌తో గొడవ అలాంటిది కాదు. ఒకసారి ఆ రెండు నెలల ఫైల్ తీసి చూడండి. హాజరు పట్టీ ఖాళీగా ఉండి, సిమెంటు లోడు ఒక్కటీ దిగక, ఫైల్లో మీ ఇద్దరి మధ్య నడిచిన ఉత్తరాలు తప్ప ఏమీ లేకపోతే ఆ రెండు నెలలు తీసేయాల్సిందే. మీరు రాసినదాన్ని బట్టి నేను తీసేశాను. అంటే పది నెలల్లో లెక్కకొచ్చేవి ఎనిమిది.

గోడౌన్ కోసమే తీసుకున్న లోన్ లెక్క సులువు. 60 లక్షల మీద 10 శాతం అంటే నెలకు 50,000, ఎనిమిది నెలలకు 4,00,000. ఇందులోంచి డిపాజిట్ మీద వచ్చిన వడ్డీ తగ్గించాలి. 36 లక్షలకు 4 శాతం చొప్పున మూడు నెలలకు 36,000 వస్తుంది. మిగిలేది 3,64,000. ఈ 36,000ని మళ్లీ ఆదాయం కింద చూపకండి, అది బిల్డింగ్ ఖర్చులో తగ్గిపోయింది. ఈ సొమ్ము తగ్గించడం మర్చిపోవడం నేను తరచూ చూసే తప్పు, ఎందుకంటే డిపాజిట్ వడ్డీ బ్యాంకు స్టేట్‌మెంట్‌లో వేరే చోట పడుతుంది, దాన్ని బిల్డింగ్‌తో ముడిపెట్టాలని ఎవరికీ తట్టదు.

అసలు చిక్కు జులై నుంచి కరెంట్ అకౌంట్‌లోంచి పెట్టిన డబ్బుతో. "అది కస్టమర్లు కట్టిన డబ్బు, దానికి వడ్డీ ఏముంది" అనిపిస్తుంది. కానీ ఆ డబ్బు గోడౌన్‌కి పెట్టకపోతే పాత లోన్లలో ఆ మేరకు తీర్చేవారు కదా, అప్పుడు ఆ వడ్డీ తప్పేది. తప్పించుకోగలిగిన ఆ వడ్డీనే బిల్డింగ్ మోయాలి. ఏ లోన్ తీర్చేవారో చెప్పలేం కాబట్టి రెండింటి సగటు రేటు పట్టాలి. 40 లక్షల మీద 3.6 లక్షలు, 80 లక్షల మీద 9.6 లక్షలు, కలిపి 120 లక్షల మీద 13.2 లక్షలు, అంటే 11 శాతం. 9, 12 కలిపి రెండుతో భాగించి 10.5 అనేయకండి, పెద్ద లోన్ బరువు ఎక్కువ.

ఇప్పుడు ఆ రేటు ఎంత డబ్బు మీద, ఎన్నాళ్లకు? ఏప్రిల్ దాకా పెట్టిన 60 లక్షలు కొత్త లోన్‌వే. జులై 1 నాటి 30 లక్షలు జులై, అక్టోబర్ రెండు నెలలు బిల్డింగ్‌లో ఉన్నాయి. అక్టోబర్ 1 నాటిది ఒక్క నెలే ఉంది, పైగా దాన్ని 20 లక్షలుగానే తీసుకోవాలి. బిల్లు 22 లక్షలదైనా మీ చేతి నుంచి పోయింది అంతే. ఆపుకున్న రిటెన్షన్‌కి మీరు వడ్డీ కట్టట్లేదు కాబట్టి దాని మీద వడ్డీ కలిపే మాటే లేదు. బిల్లు తేదీ కాకుండా చెల్లించిన తేదీ, చెల్లించిన మొత్తం చూసుకోండి, లెడ్జర్‌లో సరిగ్గా ఇక్కడే దారి తప్పుతుంది.

కాబట్టి 30 లక్షలు రెండు నెలలు, 20 లక్షలు ఒక నెల, కలిపితే 80 లక్షలు ఒక నెలకు అన్నట్టు. దాని మీద 11 శాతం చొప్పున ఒక నెల వడ్డీ 73,333. ఈ మొత్తం ఆ లోన్ల మీద నిజంగా పడిన 13.2 లక్షల వడ్డీని దాటకూడదు, దాటలేదు కూడా. 3,64,000కి ఇది కలిపితే 4,37,333. అప్పటికే కలిపిన వడ్డీని కూడా బిల్డింగ్ విలువలో భాగంగా చూసి ఈ రేటు వేయాలి. అర్థమవడానికి అది పక్కనపెట్టాను, వేసినా మీ విషయంలో పెరిగేది కొద్దిగానే. రెండేళ్లు సాగే కట్టడమైతే మాత్రం దాన్ని వదిలేయకండి.

సరుకు దించేదాకా లెక్కేసి, గొడవ నెలలూ కలిపేసి, మొత్తం 19.2 లక్షలూ బిల్డింగ్‌లో తోసేస్తే ఈ ఏడాది లాభం దాదాపు 15 లక్షలు ఎక్కువ కనిపిస్తుంది. రేపు కొత్త లోన్‌కి వెళ్తే బ్యాంకువాళ్లు ముందు చూసేది లాభం వడ్డీకి ఎన్ని రెట్లు ఉందన్నదే, లాభనష్టాల్లో వడ్డీ సున్నా ఉంటే మొదటి ప్రశ్న అదే వస్తుంది. అప్పుడు పాత లెక్కలు తిరగరాయడం ఇప్పుడు సరిగ్గా రాయడం కంటే చాలా కష్టం. ఆదాయపన్నుకి వడ్డీని ఎలా చూడాలన్నది మీ పన్ను చట్టం చెప్పేదే, పుస్తకాల్లో రాసిన అంకెనే అక్కడా దించేయకండి.

మీ అకౌంటెంట్‌తో ఒక చిన్న పట్టిక వేయించండి. చెల్లించిన తేదీ, మొత్తం, ఏ డబ్బులోంచి, అక్టోబర్ 31 దాకా పని నడిచిన నెలలు ఎన్ని, అంతే, నాలుగే గడులు. పక్కన ఆగస్టు, సెప్టెంబర్ ఎందుకు తీసేశారో ఒక వాక్యం రాసి, ఆ ఉత్తరాల కాపీలు జతచేయండి. ఆడిటర్ అడిగేది ఆ రెండు నెలల గురించే.