వీసీఈలో ఆరు సబ్జెక్టులుంటే ఏటార్‌కి ఏవి కలుపుతారు?

ప్రశ్న: మెల్‌బోర్న్‌లో మా పాప ఇయర్ 12 చదువుతోంది. మొత్తం ఆరు సబ్జెక్టులు, అందులో మూడు మ్యాథ్సే. యూనివర్సిటీ సీట్లకు చూసే ఏటార్‌కి బెస్ట్ నాలుగు తీసుకుంటారని కొందరు, ఆరూ కలుపుతారని కొందరు అంటున్నారు. ఇంగ్లిష్ తక్కువొస్తే దాన్ని వదిలేయొచ్చా?

జవాబు:

ఇంగ్లిష్‌ని వదలడానికి లేదండీ. అన్నిటికంటే తక్కువొచ్చినా సరే, అది మొదటి నాలుగింటిలో ఉండాల్సిందే. నేను రెండేళ్ల క్రితం మా అబ్బాయికి ఈ లెక్క వేసి తప్పులో కాలేశాను. ఆ లెక్కతోనే చెబితే మీకు తేలిగ్గా అర్థమవుతుంది.

మనకు ఇంటర్‌లో వెయ్యికి ఎన్ని వచ్చాయో చూసుకోవడం అలవాటు, అన్ని సబ్జెక్టులూ కలిసిపోతాయి. ఇక్కడ అలా కాదు. ముందుగా ఇంగ్లిష్, ఆ తర్వాత మిగతావాటిలో ఎక్కువ వచ్చిన మూడు. ఈ నాలుగూ పూర్తిగా కలుస్తాయి. ఐదోది, ఆరోది మాత్రం పదో వంతు చొప్పునే కలుస్తాయి. కలిపేది కూడా పరీక్షల బోర్డు వీసీఏఏ ఇచ్చే స్టడీ స్కోరు కాదు, యూనివర్సిటీ అడ్మిషన్లు చూసే వీటాక్ స్కేల్ చేసిన స్కోరు. స్పెషలిస్ట్ మ్యాథ్స్ లాంటివి స్కేలింగ్‌లో పైకి వెళ్తాయి, జనరల్ మ్యాథ్స్ సాధారణంగా కాస్త కిందికి దిగుతుంది. ఎంత మారుతుందనేది ఏటికేడు వేరు.

మావాడికి స్కేల్ అయ్యాక వచ్చినవి, మీకు సులువుగా ఉండాలని దశాంశాలు లేకుండా చెబుతున్నా: ఇంగ్లిష్ 32, స్పెషలిస్ట్ 41, మ్యాథ్స్ మెథడ్స్ 40, జనరల్ మ్యాథ్స్ 39, కెమిస్ట్రీ 36, ఫిజిక్స్ 35. జనరల్ మ్యాథ్స్‌ని ఇయర్ 11లోనే రాసేశాడు. ముందు ఏడాది రాసినదీ లెక్కలోకి వస్తుంది.

నేనేం చేశానంటే, ఎక్సెల్‌లో పెద్దవి పైకి వచ్చేలా సార్ట్ చేసి ఇలా కలిపాను:

```
32 + 41 + 40 + 39 = 152
3.6 + 3.5 = 7.1
మొత్తం 159.1
```

మా ఆవిడకి చూపించాను, ఊళ్లో మా బావగారికి ఫోన్ చేసి చెప్పేశాను కూడా. వాడు వచ్చి స్క్రీన్ వంక ఒకసారి చూసి, "నాన్నా, మూడు మ్యాథ్స్ పెట్టావేంటి?" అన్నాడు. రూల్ వాడికి తెలుసు, నాకే తెలీదు. మ్యాథ్స్ గ్రూపులో మొదటి నాలుగింటిలోకి రెండే వెళ్తాయి. మూడోది ఎంత బాగా వచ్చినా పదో వంతుకే పనికొస్తుంది. అసలు లెక్క ఇదీ:

```
32 + 41 + 40 + 36 = 149
3.9 + 3.5 = 7.4
మొత్తం 156.4
```

కెమిస్ట్రీ 36 ఉన్నా పైకి వచ్చింది, జనరల్ మ్యాథ్స్ 39 ఉన్నా కిందికి దిగింది. నా తప్పు విలువ 2.7. చూడ్డానికి చిన్నదే, కానీ కటాఫ్ అంచున ఉన్నవాళ్లకు అది చిన్నది కాదు. బావగారికి మళ్లీ ఫోన్ చేయాల్సి రావడం వేరే సంగతి.

మీ పాపకీ మూడు మ్యాథ్స్ అన్నారు కాబట్టి, ఈ ఏడాది ఎక్కడ కష్టపడాలో కూడా ఈ లెక్కే చెబుతుంది. ఆరో సబ్జెక్టులో ఐదు స్కేల్డ్ పాయింట్లు పెరిగితే మొత్తానికి అర పాయింటు చేరుతుంది. ఇంగ్లిష్‌లో అదే ఐదు పెరిగితే నిండుగా ఐదు చేరుతుంది. మావాడు జనరల్ మ్యాథ్స్‌కి పెట్టిన టైమ్ సగం ఎస్సేలకు పెట్టి ఉంటే బాగుండేదని నాకు ఇప్పటికీ అనిపిస్తుంది. ఇంట్లో తెలుగు, స్కూల్లో సైన్స్, ఇక ఇంగ్లిష్ దాని దారిన అదే వస్తుందిలే అనుకున్నాం.

ఏ సబ్జెక్టు ఎక్కడ పెట్టాలో మనం ఎంచుకుని ఫారం నింపాల్సిన పనేమీ లేదు. రూల్స్ దాటకుండా ఎక్కువ మొత్తం వచ్చే కలయికను వీటాకే ఎంచుకుంటుంది. కాబట్టి ఆరో సబ్జెక్టులో తక్కువొస్తే మొత్తం పడిపోతుందేమోనన్న టెన్షన్ అక్కర్లేదు, అది కలిసేదే తప్ప తీసేసేది కాదు. ఈ మొత్తాన్ని ఏటార్ అనుకోకండి. దాన్ని బట్టి అందరినీ వరసలో నిలబెట్టి ఇచ్చే ర్యాంకు లాంటిది ఏటార్, గరిష్ఠంగా 99.95.

ఇంకొక్క సంగతి. కోర్సు ప్రీరిక్విజిట్‌లో "ఇంగ్లిష్‌లో కనీసం 25" అని ఉంటే అది స్కేల్ చేయని స్టడీ స్కోరు. మొత్తం లెక్కకి స్కేల్డ్, అర్హతకి మామూలుది. ఏటార్ బాగానే వచ్చినా ఇది రాకపోతే ఆ కోర్సుకి పరిగణించరు. పాప పెట్టుకోబోయే కోర్సుల పేజీలు తెరిచి, మ్యాథ్స్‌లో ఏది అడుగుతున్నారో కూడా ఇప్పుడే చూడండి. చాలా ఇంజనీరింగ్ కోర్సులకు జనరల్ మ్యాథ్స్ ఉంటే సరిపోదు, మెథడ్స్ ఉండాలి.