పడమటి గోడ పూత రాలడం: తడి చాలకపోవడమే కారణం

“అమలాపురం దగ్గర ఇల్లు కడుతున్నాం. పడమటి గోడకు ప్లాస్టరింగ్ చేసి 5 రోజులైంది, రుద్దితే ఇసుక రాలుతోంది. రోజూ పొద్దున్నే తడుపుతున్నాం. కోనసీమ గాలిలో తేమ చాలదా?”

చాలదండీ. సిమెంటు గట్టిపడేది ఆరడం వల్ల కాదు, నీటితో జరిగే రసాయన చర్య వల్ల. పూత మందం అర అంగుళమే కనుక, పొద్దున పట్టిన తడి మధ్యాహ్నపు ఎండకు ఆవిరైపోతే ఆ చర్య మధ్యలోనే ఆగి, ఇసుక రేణువులను కలిపి పట్టే బంధం పూర్తిగా ఏర్పడదు.

మేకుతో గీసి చూడండి. పైపొర మాత్రమే రాలితే ఈరోజే గోడకు గోనె సంచులు వేలాడదీసి, అవి ఆరకుండా మరో 10 రోజులు తడపండి. పోయిన బలమంతా తిరిగి రాకపోయినా చాలావరకు నిలుస్తుంది. మేకు లోతుగా దిగినా, తట్టి చూస్తే డొల్లగా మోగినా, ఆ భాగం చెక్కి మళ్లీ పూయించడమే మార్గం.

కాలువలకు నీళ్లు ఆపేశారని ఉప్పు బోరు నీళ్లు మాత్రం కొట్టకండి. గోడకు తెల్లగా ఉప్పు పూస్తుంది, స్లాబుకైతే లోపలి ఇనుము తుప్పు పడుతుంది. స్లాబు మీద ఇసుక సిమెంటుతో మడులు కట్టి, 10 రోజులు మంచినీళ్లు నిలపండి.