పొట్ట ఉబ్బరం, విమానం, మా ఇంటి ఉలవచారు

"ఫ్లైట్ ఎక్కిన కాసేపటికే పొట్ట డప్పులా బిగుసుకుపోతుంది, దిగేదాకా గ్యాస్. క్యాబిన్ ప్రెషర్ వల్ల అంటున్నారు, నిజమేనా? వచ్చే నెల మా అమ్మని హైదరాబాద్ నుంచి దుబాయ్ మీదుగా శాన్‌ఫ్రాన్సిస్కో తీసుకెళ్తున్నాను, ఆవిడకి మామూలుగానే గ్యాస్ ఎక్కువ. ఏం జాగ్రత్త తీసుకోవాలి?"

నేను ఆఫీసు పని మీద ఇదే రూట్‌లో నాలుగుసార్లు వెళ్లొచ్చాను. మొదటిసారి మాత్రం నరకం చూశాను, అందుకే తర్వాత పనిగట్టుకుని దీని సంగతేంటో తెలుసుకున్నాను. ప్రెషర్ మాట నిజమే, అయితే దాని పని మొదటి అరగంటలోనే అయిపోతుందండీ. మిగతా పదిహేను గంటలు ఉబ్బేదంతా మనం ముందు రోజు రాత్రి నుంచి లోపల వేసిన సరుకే.

విమానం 35 వేల నుంచి 40 వేల అడుగుల ఎత్తులో పోతుంది కదా, అక్కడి గాలితో మనిషి బతకలేడు, అందుకని లోపలికి గాలి ఎక్కించి ఒత్తిడి నిలబెడతారు. కానీ నేల మీద ఉన్నంత ఒత్తిడి పెట్టరు. అంత పెడితే విమానం ఒళ్లు లోపల్నుంచి బెలూన్‌లా సాగాలి, ప్రతి ట్రిప్పుకీ అలా సాగి ముడుచుకుంటే లోహం త్వరగా అలసిపోతుంది. అందుకని క్యాబిన్‌లో సుమారు 6 వేల నుంచి 8 వేల అడుగుల ఎత్తున్న కొండ మీద ఉండేంత ఒత్తిడితో సరిపెడతారు, మామూలు ప్రయాణంలో 8 వేలు దాటకూడదని రూలు. ఊటీ ఎత్తు దాదాపు 7,300 అడుగులు. అంటే సీట్లో కూర్చున్న మనం, పొట్ట వరకు చూసుకుంటే, ఊటీలో కూర్చున్నట్టే. తేడా ఏంటంటే ఊటీకి ఘాట్ రోడ్డులో గంటలు పడుతుంది, మధ్యలో దిగి టీ తాగి నడుస్తాం, వచ్చిన తేన్పు వచ్చినట్టు పోతుంది. విమానంలో అదే ఎత్తుకి అరగంటలోపు ఎక్కేస్తాం, అదీ బెల్టు పెట్టుకుని.

చుట్టూ ఒత్తిడి తగ్గితే మూసి ఉన్న వాయువు వ్యాకోచిస్తుంది, ఇది ఇంటర్‌లో చదువుకున్న బాయిల్ నియమమే. పైకెళ్లాక చిప్స్ ప్యాకెట్ దిండులా ఉబ్బడం చూసే ఉంటారు. పేగుల్లో ఉన్న గాలిదీ అదే పరిస్థితి.

ఎంత ఉబ్బుతుందన్నది నేను రెండో ట్రిప్పులో ఫోన్‌తో చూశాను. చాలా ఫోన్లలో బారోమీటర్ ఉంటుంది, ఫ్లైట్ మోడ్‌లో పెట్టినా పనిచేస్తుంది. శంషాబాద్‌లో 940 హెక్టోపాస్కల్ దగ్గర చూపించింది, ఎందుకంటే మన ఎయిర్‌పోర్టే సముద్ర మట్టానికి రెండు వేల అడుగుల పైన ఉంది. దుబాయ్‌లో 1010 దగ్గర. రెండు విమానాల్లోనూ పైకెళ్లాక 785 దగ్గర ఆగింది. ఇప్పుడు లెక్క వేయండి. హైదరాబాద్‌లో ఎక్కినవాడి పొట్టలోని గాలి సుమారు 20 శాతం పెరుగుతుంది, దుబాయ్‌లో ఎక్కినవాడిది సుమారు 30 శాతం. అదే మనిషి, అదే ఎత్తు, కానీ సముద్ర మట్టం నుంచి ఎక్కితే ఉబ్బు ఎక్కువ. రెండో విమానంలోనే నాకు ఎందుకు ఎక్కువ ఇబ్బందయ్యేదో అప్పుడు సగం అర్థమైంది.

సగమే ఎందుకన్నానంటే, మామూలు మనిషి పేగుల్లో ఏ సమయంలోనైనా ఉండే గాలి 200 మిల్లీలీటర్ల లోపే ఉంటుంది. అది 30 శాతం పెరిగితే 260 అవుతుంది. అరవై మిల్లీలీటర్లు, అంటే చిన్న గ్లాసు టీ కూడా కాదు. దానికి పొట్ట డప్పు అవ్వదు. అదే పేగుల్లో అప్పటికే 800 ఉందనుకోండి, ఆ 30 శాతమే 240 అవుతుంది. శాతం మారదు, మొదట ఎంత ఉందన్నదే మొత్తం తేల్చేస్తుంది.

నా మొదటి ట్రిప్పు కథ ఇక్కడ చెప్పాలి. తెల్లవారుజామున నాలుగింటికి ఫ్లైట్. మళ్లీ మన తిండి ఎప్పుడు దొరుకుతుందో అని మా అమ్మ రాత్రి ఎనిమిదింటికి ఉలవచారు, వెన్న, గోంగూర పప్పు వేసి కడుపు పగిలేలా పెట్టింది. నేనూ ఏం తక్కువ తినలేదు. ఉలవల్లో, పప్పుల్లో మన చిన్నపేగు అరిగించుకోలేని కొన్ని చక్కెరలుంటాయి, అవి అలాగే పెద్దపేగులోకి దిగితే అక్కడి బ్యాక్టీరియా పులియబెట్టి హైడ్రోజన్ లాంటి వాయువులు తయారుచేస్తుంది. తిన్నది అక్కడికి చేరడానికి చాలామందికి ఐదారు గంటలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ పడుతుంది. అంటే ఎనిమిదింటి ఉలవచారు సరిగ్గా విమానం పైకి లేచే వేళకి పని మొదలుపెట్టింది, దుబాయ్‌లో రెండో విమానం ఎక్కేసరికి జోరు మీదుంది. టైమింగ్ ఇంతకన్నా చెడ్డగా ఎవరూ కుదర్చలేరు.

దాని మీద నేను చేసిన తప్పులు చూడండి. చెవులు మూసుకుపోకుండా చూయింగ్ గమ్ గంటసేపు నమిలాను, నమిలినంతసేపూ గాలి మింగుతూనే ఉంటాం. కడుపు బరువుగా ఉందని సోడా అడిగి తాగాను, తేన్పు వస్తే తేలికవుతుందని మనందరి నమ్మకం కదా. శీతల పానీయాల డబ్బాలో ద్రవానికి మూడింతల పైగా పరిమాణంలో కార్బన్ డయాక్సైడ్ ఇరికించి ఉంటుంది, తేన్పుగా పోగా మిగిలింది కిందికే వెళ్తుంది. పైగా నాది కిటికీ సీటు, పక్కన ఇద్దరు నిద్రపోతున్నారు, లేపడానికి మొహమాటం. గ్యాస్ వస్తే బిగబట్టుకుని కూర్చున్నాను, జీన్స్ ప్యాంటు, పైన బెల్టు.

ఐదో గంటకి ఎడమ డొక్కలో, పక్కటెముకల కింద, ఎవరో కర్రతో పొడుస్తున్నట్టు నొప్పి. గుండె అనుకుని టెన్షన్‌తో చెమటలు పట్టాయి. క్రూలో ఒకావిడ వచ్చి వివరాలడిగి, లేపి వెనక గ్యాలీ దగ్గర నడిపించారు. పావుగంట నడిచి, టాయిలెట్‌కి వెళ్లొచ్చాక ఆ నొప్పి ఎటు పోయిందో తెలీదు. దిగాక చూపించుకుంటే డాక్టర్ గుండెకి ఏమీ లేదని తేల్చి, పెద్దపేగు ఎడమ పక్కటెముకల కింద ఒక మలుపు తిరుగుతుందని, గాలి అక్కడ చిక్కుకుంటే నొప్పి ఛాతీలోకి కూడా పాకినట్టు ఉంటుందని బొమ్మ గీసి చూపించారు. వంగి కూర్చుంటే ఆ మలుపు ఇంకా నొక్కుకుంటుందట.

అయితే ఛాతీ నొప్పి వచ్చినప్పుడు గ్యాసే అని ఎవరికి వారు తేల్చుకోవద్దు, ముఖ్యంగా మీ అమ్మగారి వయసులో. ఊపిరి ఆడకపోయినా, చెయ్యి, దవడ లాగినా, చెమటలు పట్టినా వెంటనే బటన్ నొక్కండి. అలాగే ఈ మధ్య పొట్టకి ఏదైనా ఆపరేషన్ అయి ఉంటే, లాపరోస్కోపీ అయినా సరే, డాక్టర్‌ని అడగకుండా టికెట్ వేయకండి. లోపల మిగిలిన గాలి వ్యాకోచించి కుట్ల మీద ఒత్తిడి పెడుతుంది, ఇక్కడ ఆ 30 శాతం చిన్న విషయం కాదు.

దిగేటప్పుడు ఇదంతా తిరగబడుతుంది. పైన తాగేసి మూత బిగించిన నీళ్ల సీసా కిందికొచ్చాక నలిగిపోయి ఉంటుంది చూడండి, పేగుల్లో గాలి కూడా అలాగే ముడుచుకుంటుంది. కాబట్టి దిగిన గంటకి కూడా పొట్ట అలాగే ఉంటే ప్రెషర్‌ని తిట్టి లాభం లేదు. నాకు శాన్‌ఫ్రాన్సిస్కోలో రెండు రోజులు ఉంది, అది మలబద్ధకం. పెద్దపేగుకి కూడా గడియారం ఉంటుంది, రాత్రి మందగించి పొద్దున్న కదులుతుంది, పన్నెండు గంటలకు పైగా తేడా ఉన్న ఊళ్లో దిగితే దానికి పగలేదో రాత్రేదో తెలియదు.

రెండో ట్రిప్పు నుంచి నేను మార్చుకున్నవి పెద్దగా ఏమీ లేవు. ముందు రోజు మధ్యాహ్నం నుంచే పప్పులు, ఉలవలు, శనగలు, క్యాబేజీ, ఉల్లిపాయ ఎక్కువ పడ్డ కూరలు మానేసి, రాత్రికి పెరుగన్నం లేదా ఇడ్లీ. పాలు పడనివాళ్లయితే విమానంలో ఇచ్చే పాల టీ కూడా వద్దు. సోడా, కూల్‌డ్రింక్స్ దిగేదాకా ముట్టను. చెవులకి గమ్ బదులు గుక్కెడు నీళ్లు మింగుతూ ఉంటే చాలు. గంటన్నరకోసారి లేచి వెనకదాకా నడుస్తాను, సీట్లోనే ఒక్కో మోకాలు పొట్టకి లాక్కుని కాసేపు పట్టుకుంటాను. మందుల షాపులో ఇచ్చే సిమెథికోన్ మాత్ర నాకు కొంచెం పనిచేసింది, అది చిన్న చిన్న బుడగల్ని కలిపి పెద్దవి చేస్తుంది, బయటికి రావడం తేలికవుతుంది, అంతేగాని వ్యాకోచాన్ని ఆపలేదు. వాము మీకు అలవాటుంటే తీసుకెళ్లండి, మా ఆవిడ దాని మీదే ఒట్టేస్తుంది.

ఇక బిగబట్టుకోవడం గురించి. 2013లో న్యూజిలాండ్ మెడికల్ జర్నల్‌లో కొందరు డాక్టర్లు సరిగ్గా ఈ విషయం మీదే వ్యాసం రాశారు, విమానంలో ఆపుకోకండి, వదిలేయండి అన్నదే దాని సారాంశం. నవ్వుకోండి పర్లేదు, కానీ క్యాబిన్‌లో గాలి రెండు మూడు నిమిషాలకోసారి మారిపోతూనే ఉంటుంది, పక్కవాడికి మీరు అనుకున్నంత ఇబ్బంది ఉండదు. మరీ మొహమాటమైతే టాయిలెట్ ఉండనే ఉంది.

అందుకే అమ్మగారికి నడవ పక్క సీటే బుక్ చేయండి, కిటికీ చూడాలని సరదా పడినా సరే. ఆవిడ చీరే కట్టుకుంటానంటే లంగా బొందు టేకాఫ్‌కి ముందే రెండు వేళ్లు పట్టేంత వదులు చేసుకోమని చెప్పండి. పైకెళ్లాక బెల్టు లైటు వెలుగుతుండగా ఆ ముడి విప్పుకోవడం కుదరదు, మా అత్తగారు అలాగే కింద కట్టిన ముడితోనే దుబాయ్ దాకా వచ్చారు.