పాలు పులవలేదు, సీసాలోని సోడా నీరసించింది

ప్రశ్న: మా గేదె పాలను ఎసిడిటీ 0.18 శాతం ఉందని పాల కేంద్రంలో రెండుసార్లు వెనక్కి పంపారు. ఇంటికి తెచ్చి కాస్తే విరగలేదు. మా అమ్మాయి డెయిరీ డిప్లొమా చదువుతోంది. కేంద్రంలోని సీసాతోనే తను కూడా చేసి చూస్తే 10 మి.లీ. పాలకు 2.0 మి.లీ. పట్టింది, 0.18 వచ్చింది. అదే రోజు కాలేజీ మీటరులో పీహెచ్ 6.7 చూపించింది. ఏది నమ్మాలి? గేదె ఒంట్లో పులుపు పెరిగిందని, పాలలో చిటికెడు తినే సోడా వేయమని మందుల షాపు ఆయన అంటున్నాడు. అమ్మాయికి వచ్చే వారం ప్రాక్టికల్ పరీక్ష, అందులో నిమ్మరసం లెక్క కూడా ఉంది.
– ఒక పాడి రైతు, గుంటూరు జిల్లా

జవాబు: ముందు ఆ సోడా డబ్బా పక్కన పెట్టండి. మీ గేదెకు జబ్బు ఉన్నట్టు లేదు, పాలు కూడా పులిసినట్టు లేవు. కాస్తే విరగలేదంటున్నారు, పీహెచ్ 6.7 ఉంది. తాజా పాలకు ఉండాల్సింది 6.6 నుంచి 6.8. నా అనుమానమంతా కేంద్రంలోని ఆ సీసా మీదే.

అందులో ఉన్నది N/10, అంటే 0.1 నార్మల్ బలం ఉన్న కాస్టిక్ సోడా ద్రావణం. చీటీ మీద 0.1 అని రాసి ఉంటుంది, అది కలిపిన రోజు మాట. కాస్టిక్ సోడా గాలిలోని కార్బన్ డయాక్సైడును పీల్చుకుని రోజురోజుకూ బలం తగ్గుతుంది. బలం తగ్గిన ద్రావణం అదే పాలకు ఎక్కువ మి.లీ. పడుతుంది. మనం మాత్రం చీటీ మీది 0.1 తోనే గుణిస్తాం. దాంతో మంచి పాలు పుల్లటి పాల లెక్కలోకి వెళ్తాయి.

మీ అమ్మాయిని ఈ పని చేయమనండి. కాలేజీలో N/10 ఆక్జాలిక్ ఆమ్లం తయారు చేయాలి. స్ఫటికాలు 6.3 గ్రాములు తూచి నీటిలో కరిగించి సరిగ్గా లీటరు చేస్తే చాలు. అందులోంచి 10 మి.లీ. పిపెట్‌తో తీసుకుని, రెండు చుక్కల ఫినాఫ్తలీన్ వేసి, కేంద్రం సీసాలోని సోడాతో టైట్రేట్ చేయాలి. సోడా సరైనదైతే 10.0 మి.లీ. దగ్గర లేత గులాబీ రంగు రావాలి. 11.8 పట్టిందనుకోండి, అసలు బలం 10 × 0.1 ÷ 11.8, అంటే 0.085. ఇప్పుడు పాల లెక్క మళ్ళీ వేయాలి.

```
% లాక్టిక్ ఆమ్లం = V × N × 9 ÷ W
```

V అంటే పట్టిన సోడా మి.లీ., N దాని నార్మాలిటీ, W తీసుకున్న పాలు. లాక్టిక్ ఆమ్లం తుల్యభారం 90, దాన్ని 100తో గుణించి 1000తో భాగిస్తే 9 మిగులుతుంది. 2.0 × 0.1 × 9 ÷ 10 చేస్తే 0.18. అదే 2.0 × 0.085 × 9 ÷ 10 చేస్తే 0.153. చిక్కటి గేదె పాలకు ఇది మామూలే. పాలను గ్రాముల్లో తూచి W వేస్తే విలువ ఇంకాస్త తగ్గుతుంది, ఎందుకంటే 10 మి.లీ. పాలు 10.3 గ్రాములు తూగుతాయి. రికార్డులో ఏది వాడారో రాయాలి.

ఇక పరీక్షలో మార్కులు పోయేది పీహెచ్ దగ్గరే. అమ్మాయి ఎసిడిటీ, పీహెచ్ రెండూ ఒకటే అనుకుని, ఒకటి తప్పై ఉండాలనుకుంటోంది. పీహెచ్ చెప్పేది ఆ క్షణంలో పాలలో విడిగా తిరుగుతున్న హైడ్రోజన్ అయాన్ల గాఢత. టైట్రేషన్ చెప్పేది ఆ పాలను 6.7 నుంచి ఫినాఫ్తలీన్ రంగు మారే 8.3 దాకా తీసుకెళ్ళడానికి ఎంత క్షారం పట్టిందన్నది. మధ్యలో ఆ క్షారాన్ని పాలలోని కేసిన్, ఫాస్ఫేట్లు, సిట్రేట్లు, కరిగి ఉన్న కార్బన్ డయాక్సైడు కాజేస్తాయి. అప్పుడే పితికిన పాలలో లాక్టిక్ ఆమ్లం దాదాపు ఉండదు. అయినా లెక్క 0.15 చూపిస్తుంది. కాబట్టి ‘లాక్టిక్ ఆమ్లంగా’ అన్నది లెక్క చెప్పే పద్ధతే, పాలలో అంత ఆమ్లం ఉందని కాదు. నమ్మకం లేకపోతే నీటిలో 0.15 శాతం నిజమైన లాక్టిక్ ఆమ్లం కలిపి చూడమనండి, పీహెచ్ 3 లోపుకు దిగిపోతుంది. పాలు మాత్రం 6.7 దగ్గరే ఉన్నాయి. వైవాలో ఎసిడిటీ నుంచి పీహెచ్ లెక్కించవచ్చా అని అడిగితే, కుదరదని చెప్పి కారణంగా ఈ ఉదాహరణ చెప్తే సరిపోతుంది.

కొవ్వు కాని ఘనపదార్థాలు ఎక్కువున్న గేదె పాలకు పీహెచ్ మారకుండానే ఎసిడిటీ ఆవు పాలకన్నా కాస్త ఎక్కువ చూపిస్తుంది. అదే సూక్ష్మజీవుల వల్ల పులుపు ఎక్కితే ఎసిడిటీ పెరిగేకొద్దీ పీహెచ్ దిగుతుంది. పొదుగు వాపు వచ్చిన గేదె పాలలో మాత్రం పీహెచ్ పైకి పోయి ఎసిడిటీ తగ్గుతుంది. అలాంటి పాలు ఎసిడిటీ పరీక్ష దాటేస్తాయి, అది గుర్తుంచుకోండి. మీ గేదె ఈని వారం కూడా కాకపోతే జున్ను పాల వల్ల కూడా 0.18 దాటవచ్చు. ఆ విషయం మీరు రాయలేదు.

పితికిన గంటలోపే ఒకసారి, కేంద్రానికి ఇచ్చేటప్పుడు ఇంకోసారి, బలం సరిచూసిన సోడాతో కొలిపించండి. మొదటిసారే ఎక్కువుంటే పాల స్వభావం, లేదా జున్ను పాలు. రెండోసారికి పెరిగితే క్యాన్లు సరిగ్గా కడగడం లేదు, లేదా దారిలో చల్లదనం లేదు. రెండోసారి పాలు 5 మి.లీ. పరీక్షనాళికలో పోసి, మరిగే నీటిలో 5 నిమిషాలు ఉంచండి. విరుగు కనిపిస్తే కేంద్రం వాళ్ళది తప్పు కాదు.

షాపు ఆయన సలహా గురించి ఒక్క మాట. పాలలో సోడా వేయడం కల్తీ కిందికి వస్తుంది. సోడాను పట్టే రోజాలిక్ ఆమ్లం పరీక్షలో గులాబీ రంగు తేలితే ఆరోజు పాలు వెనక్కి రావడంతోనే ఆగదు, మీ పేరే జాబితాలోకి వెళ్తుంది. ‘గేదె ఒంట్లో పులుపు’ అన్నది ఆయన డబ్బా అమ్ముకోవడానికి చెప్పే మాట. ఆయన ఎప్పుడైనా బ్యూరెట్ పట్టుకున్నాడా అడగండి.

నిమ్మరసం లెక్కలో 9 వేయకూడదు. సిట్రిక్ ఆమ్లం అణుభారం 192, అందులో మూడు ఆమ్ల హైడ్రోజన్లు ఉంటాయి కనుక తుల్యభారం 64, అంటే 9 బదులు 6.4 వేయాలి. రసం చాలా గాఢం కాబట్టి 10 మి.లీ. రసాన్ని నీటితో 100 మి.లీ. చేసి, అందులోంచి 10 మి.లీ. తీసుకోవాలి. అంటే టైట్రేట్ చేస్తున్నది 1 మి.లీ. రసాన్నే. అందుకే W దగ్గర 10 కాదు, 1 వేయాలి. N/10 సోడా 10.0 మి.లీ. పట్టితే 10.0 × 0.1 × 6.4 ÷ 1, అంటే 6.4 శాతం. 64 బదులు 192 వేస్తే 19.2 వస్తుంది, 10తో భాగిస్తే 0.64 వస్తుంది. రెండూ చూడగానే తప్పని తెలియాలి. చివర్లో ‘సిట్రిక్ ఆమ్లంగా, నిర్జల రూపంలో’ అని రాయాలి, ఎందుకంటే నీటి అణువుతో కూడిన రూపానికి తుల్యభారం 70. పీహెచ్ కు ప్రమాణం ఉండదు, దాని పక్కన శాతం గుర్తు పెట్టవద్దని చెప్పండి. మీటరును 7, 4 బఫర్లతో సరిచూశాకే పాలలో ముంచాలి, ప్రతి కొలతకూ ముందు ఎలక్ట్రోడు మీది కొవ్వు పొర కడగాలి.