టోల్ బాకీ మెసేజ్ వచ్చిందా? స్క్రీన్‌షాట్ పైభాగం కోయకండి

డాలస్‌లో ఆగస్టు వచ్చిందంటే కొత్తగా దిగిన పిల్లల నుంచి నా వాట్సాప్‌కి ఒకటే ప్రశ్న: "అన్నా, ఇది నిజమేనా?" దాని కింద ఓ స్క్రీన్‌షాట్. ఎక్కువగా టోల్ బాకీ గురించే ఉంటుంది. ఈ మెసేజ్‌ల మీద ఎఫ్‌బీఐ 2024 ఏప్రిల్‌లోనే హెచ్చరించింది, అయినా ఆగలేదు.

మొన్న మా పిన్ని కొడుకు పంపినదే చూద్దాం. "మీ టోల్ బాకీ 6.99 డాలర్లు. ఈరోజే కట్టకపోతే జరిమానా పడుతుంది, లైసెన్స్ సస్పెండ్ అవుతుంది" అని ఉంది, కింద లింకు. వాడికి సొంత కారు లేదు. కానీ అంతకుముందు వారమే రెంటల్ కారులో టోల్‌వే మీద తిరిగాడు. అందుకే నమ్మాడు. వేలమందికి ఒకేసారి పంపితే, వాళ్లలో ఎవరో ఒకరు ఆ వారం టోల్ రోడ్డు ఎక్కే ఉంటారు కదా!

వాడు పంపిన స్క్రీన్‌షాట్‌లో పైభాగం కోసేశాడు. నాకు ముందు కావలసింది అదే. మళ్లీ పూర్తిగా పంపమంటే, పంపినవాడి నంబర్ +63తో మొదలైంది. అది ఫిలిప్పీన్స్ కోడ్. టెక్సాస్ టోల్ సంస్థకి మనీలా నుంచి మెసేజ్ పంపే అవసరం ఏముంది? ఒక్కోసారి నంబర్ బదులు ఏదో ఈమెయిల్ అడ్రస్ ఉంటుంది. అదీ అంతే.

మెసేజ్ చివర్లో ఇంకో మాట ఉంది: "Y అని రిప్లై ఇచ్చి, మెసేజ్ మూసి మళ్లీ తెరవండి." ఐఫోన్‌లో తెలియని వాళ్లు పంపిన లింకు నొక్కినా తెరుచుకోదు. మనం ఒక్కసారి జవాబిస్తే ఆ అడ్డు తొలగిపోతుంది. అంటే మన తలుపు గొళ్లెం మన చేతే తీయిస్తున్నారు. నా మటుకు ఈ ఒక్క వాక్యం కనబడితే చాలు, మిగతాది చదవను.

ఇక లింకు. ఈ రకం లింకులు ఇలా ఉంటాయి:

```
https://ntta.org-bqzx.top/us
```

ఇక్కడి టోల్ సంస్థ సైటు `ntta.org`. అది మొదట్లోనే కనబడేసరికి కన్ను అక్కడే ఆగిపోతుంది. లింకుని ఎడమ నుంచి కాదు, కుడి నుంచి చదవాలి. `https://` తర్వాత వచ్చే మొదటి గీత `/` దగ్గర ఆగండి. అక్కడి నుంచి వెనక్కి వస్తూ చుక్కలు చూడండి. చివరి చుక్కకి అటూ ఇటూ ఉన్నది `org-bqzx.top`. సైటు అసలు పేరు అదీ. మధ్యలోని చిన్న అడ్డగీత పేరుని విడదీయదు, చుక్క మాత్రమే విడదీస్తుంది. ఆ పేరు కొనుక్కున్నవాడు దాని ముందు `ntta.` అని తగిలించుకోవడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు.

మావాడు నాకు పంపేలోపే కార్డు నంబర్ కొట్టేశాడు. తర్వాత ఓటీపీ అడిగితే అనుమానం వచ్చి ఆగాడు. బ్యాంకు పంపిన ఆ ఓటీపీ మెసేజ్ కూడా స్క్రీన్‌షాట్ తీసి పంపమన్నాను. అందులో తేలింది అసలు సంగతి: ఆ కోడ్ కార్డుని ఆపిల్ పేలో చేర్చడానికట! 6.99 డాలర్లు వాళ్లకి లెక్కే కాదు. మన కార్డుని వాళ్ల ఫోన్లో ఎక్కించుకుంటే షాపుల్లో చూపించి కావలసినంత గీకేయొచ్చు. ఓటీపీ వస్తే అంకెలు మాత్రమే చూసి కాపీ చేసే అలవాటు మనందరిదీ. అది దేనికి వచ్చిందో ఆ మెసేజ్‌లోనే రాసి ఉంటుంది.

వాడిచేత కార్డు వెనకున్న నంబర్‌కి ఫోన్ చేయించాను. కార్డు ఆపించి కొత్తది అడిగాం. ఏ ఫోన్ వాలెట్‌లోనైనా ఇది చేరిందా అని కూడా అడగమన్నాను, చేరలేదన్నారు. తర్వాత ఆ మెసేజ్‌ని 7726కి ఫార్వర్డ్ చేశాడు. అది సెల్ కంపెనీలు స్పామ్ ఫిర్యాదులకి పెట్టిన నంబర్.

ఈ గుర్తులేవీ లేనంత మాత్రాన మెసేజ్ నిజమైనదని కాదు. పంపినవాడి పేరు కూడా మార్చి చూపించగలరు. నిజంగా బాకీ ఉందేమో అనిపిస్తే, మెసేజ్‌లోని లింకు ముట్టకుండా బ్రౌజర్లో `ntta.org` మీరే టైప్ చేసి చూసుకోండి. అసలు ట్యాగ్ లేని కారు టోల్ రోడ్డు ఎక్కితే కెమెరా తీసేది నంబర్ ప్లేట్ ఫొటో. ఆ కారు ఎవరి పేరున ఉందో వాళ్ల ఇంటికి బిల్లు పోస్టులో వెళ్తుంది. రెంటల్ కారైతే ఆ కంపెనీకి వెళ్తుంది.

మావాడి టోల్ కూడా అలాగే వచ్చింది. కొన్ని వారాల తర్వాత రెంటల్ కంపెనీ వాడికి ఈమెయిల్ పెట్టి కట్టించుకుంది. టోల్ కంటే వాళ్ల సర్వీస్ ఫీజే ఎక్కువ. వాడు దాన్ని కూడా స్క్రీన్‌షాట్ తీసి, "అన్నా, ఇది కూడా మోసమేనా?" అని పంపాడు. ఈసారి పైభాగం కోయలేదు.